క్లయింట్ మళ్లీ ‘పాత రేటే పెట్టు’ అంటే? ఫొటోషాప్ ఫైల్‌లోనే అన్‌డూ దాచిపెట్టడం ఎలా

మా వీధి చివర ఒక టిఫిన్ సెంటర్ ఉంది. దాని ఓనర్‌ని నేను బాబాయ్ అంటాను. పోయినేడాది ఒకరోజు ఆయన ఫోన్ చేసి, "అబ్బాయ్, మన మెనూ ఫ్లెక్స్‌లో మూడు రేట్లు మార్చాలి. నీ దగ్గర ల్యాప్‌టాప్ ఉందిగా, కాస్త చేసి పెట్టు" అన్నారు. మూడు అంకెలే కదా, పది నిమిషాల పని అనుకున్నా.

ఆ ఫ్లెక్స్ ఎప్పుడో ఎవరో డిజైన్ చేసింది. బాబాయ్ దగ్గర ఉన్నది ఒకే ఒక్క జేపీజీ. లేయర్లు లేవు, ఫాంట్ పేరు తెలీదు. బ్యాక్‌గ్రౌండ్ పాత చెక్క పలక, దాని మీద సుద్దతో రాసినట్టు తెల్లటి అక్షరాలు. ఇడ్లీ 30ని 40 చేయాలి, పెసరట్టు 50ని 60, ఉప్మా పెసరట్టు 60ని 70. జేపీజీని ఫొటోషాప్‌లో ఓపెన్ చేశా. క్లోన్ స్టాంప్‌తో పాత అంకెల మీద పక్కనున్న చెక్కని రుద్దేశా, కొత్త అంకెలు టైప్ చేశా, ఫ్లాటెన్ చేసి Ctrl+S కొట్టా. ఫైల్ పేరు కూడా అదే. ఫ్లెక్స్ ప్రింట్ అయింది, షాపు ముందు కట్టేశారు.

పది రోజుల తర్వాత మళ్లీ ఫోన్. "అబ్బాయ్, ఇడ్లీ నలభై అంటే హాస్టల్ పిల్లలు రావట్లేదయ్యా. ఇడ్లీ ఒక్కటీ పాత రేటే పెట్టు. మిగతావి అట్టాగే ఉంచు."

నా ఫైల్‌లో పాత 30 లేదు. దాని పిక్సెళ్ల మీద నేనే చెక్క రుద్దేశా, ఆ పైన అదే పేరుతో సేవ్ చేశా. బాబాయ్ వాట్సాప్‌లో ఉన్న కాపీ వెడల్పు 1600 పిక్సెళ్లే. ఆరడుగుల ఫ్లెక్స్‌కి అది అంగుళానికి 22 పిక్సెళ్లు. దగ్గరగా నిలబడి చదివే మెనూ బోర్డుకి అది చాలదు. చివరికి 30ని కొత్తగా టైప్ చేసి, సుద్ద రాతలా కనిపించేలా చేయడానికి రెండు రాత్రులు పట్టింది. అయినా పక్కనున్న ‘ప్లేటు’ అన్న పదంతో అది కలవలేదు. రీప్రింట్ డబ్బులు బాబాయ్‌ని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ తర్వాత ఇంకో పద్ధతి పట్టుకున్నా. ఈ ఆర్టికల్ దాని గురించే.

Ctrl+Z ఫైల్‌లో ఉండదు

నేను చేసిన పొరపాటు మొదలైంది ఇక్కడే. ఫొటోషాప్‌లో హిస్టరీ ప్యానెల్ ఉంది కదా, ఎప్పుడైనా వెనక్కి వెళ్లొచ్చు అన్న ధీమా. కానీ ఆ హిస్టరీ ప్రోగ్రామ్ మెమరీలో ఉంటుంది, ఫైల్‌లో కాదు. డిఫాల్ట్‌గా 50 స్టెప్పులు గుర్తుపెట్టుకుంటుంది. బ్రష్‌తో ఒక్కసారి గీస్తే ఒక స్టెప్పు. ఒక్క అంకె చెరపడానికే ముప్పై, నలభై గీతలు గీస్తాం కాబట్టి రెండో అంకెకి వచ్చేసరికి మొదటిదాని హిస్టరీ జారిపోతుంది. ఫైల్ మూసేస్తే అంతా పోతుంది.

క్లయింట్ మాత్రం పది రోజుల తర్వాతో, నాలుగు నెలల తర్వాతో వస్తాడు. అప్పుడు వెనక్కి వెళ్లాలంటే అన్‌డూ అనేది ఫైల్ లోపలే, లేయర్ల రూపంలో ఉండాలి. పాత పిక్సెల్ ఒక్కటి కూడా చెరగకూడదు. దాన్ని పైనుంచి కప్పాలి, అంతే.

ఇదే పనిని అదే మెనూ మీద మొదటి నుంచీ ఎలా చేసి ఉండాల్సిందో చెప్తా. ఆ తర్వాత నాలుగు నెలలకి పూరీ రేటు మార్చాల్సి వచ్చినప్పుడు, పాత డిజైనర్‌ని ఎలాగో పట్టుకుని అసలు జేపీజీ మళ్లీ తెప్పించుకుని, మెనూ మొత్తం ఇలాగే చేశా.

ముందు ఒరిజినల్‌కి తాళం

జేపీజీ ఓపెన్ చేయగానే చేయాల్సిన మొదటి పని దాన్ని పీఎస్‌డీగా సేవ్ చేయడం. జేపీజీలో లేయర్లు ఉండవు, పైగా తెరిచి మళ్లీ జేపీజీగా సేవ్ చేసిన ప్రతిసారీ కంప్రెషన్ వల్ల నాణ్యత ఇంకొంచెం తగ్గుతుంది.

లేయర్స్ ప్యానెల్‌లో కింద Background అని, పక్కన చిన్న తాళం గుర్తుతో ఒక లేయర్ కనిపిస్తుంది. తాళం ఉంది కదా, సేఫ్ అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నా. ఆ తాళం లేయర్ కదలకుండా మాత్రమే ఆపుతుంది. దాని మీద బ్రష్ పని చేస్తుంది, క్లోన్ స్టాంప్ కూడా పని చేస్తుంది. అందుకే ఆ లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి మామూలు లేయర్‌గా మార్చండి. ‘అసలు - ముట్టుకోవద్దు’ అని పేరు పెట్టండి. ఆ తర్వాత ప్యానెల్ పైభాగంలో Lock వరసలో చివరనున్న పూర్తి తాళం బొమ్మ నొక్కండి. ఇప్పుడు పొరపాటున దాని మీద క్లోన్ స్టాంప్ పెట్టినా, లేయర్ లాక్ అయి ఉందని ఫొటోషాప్ పని ఆపేస్తుంది.

కొంతమంది Ctrl+J కొట్టి బ్యాక్‌గ్రౌండ్‌కి కాపీ తీసి, కాపీ మీద పని చేస్తారు. అది తప్పేం కాదు, కానీ రెండు ఇబ్బందులున్నాయి. ఆరడుగులు బై నాలుగడుగుల ఫ్లెక్స్‌ని అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున చేస్తే 5184 బై 3456 పిక్సెళ్లు. అలాంటి లేయర్ ఒక్కటి మెమరీలో 50 ఎంబీ పైనే తింటుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో అలాంటివి నాలుగైదు పెడితే ఫ్యాన్ అరుపు మొదలవుతుంది. రెండోది అసలైన ఇబ్బంది. ఆ కాపీ మీద ఇడ్లీ రేటు, పెసరట్టు రేటు, అన్నీ కలిపి చెరిపేస్తాం. తర్వాత ఇడ్లీ ఒక్కటే వెనక్కి కావాలంటే కుదరదు. తీస్తే అన్నీ తీయాలి, ఉంచితే అన్నీ ఉంచాలి.

ఖాళీ లేయర్ మీద చెక్క అతుకు

అందుకని నేను వాడేది ఖాళీ లేయర్. ఒరిజినల్ పైన కొత్త లేయర్ వేసి, దానికి ‘ఇడ్లీ అతుకు’ అని పేరు పెడతా. క్లోన్ స్టాంప్ తీసుకుని, పైన ఆప్షన్స్ బార్‌లో Sample అన్నచోట Current & Below ఎంచుకుంటా. అప్పుడు టూల్ కింద ఉన్న చెక్కని చూసి నమూనా తీసుకుంటుంది, కానీ రంగు మాత్రం నా ఖాళీ లేయర్ మీదే పడుతుంది. ఒరిజినల్ అలాగే ఉంటుంది.

అదే మెనూలో All Layers అని ఇంకోటి ఉంది. దాని జోలికి వెళ్లకండి. పైన కొత్త 40 టైప్ చేసిన తర్వాత అతుకుని సరిచేయాలని వస్తే, ఆ ఆప్షన్ పైనున్న 40 ముక్కని కూడా నమూనాలో కలిపి చెక్క మీద అద్దేస్తుంది. అప్పుడది కంటికి ఆనదు. నెల తర్వాత 40ని 45 చేస్తే, 5 పక్కన 0 తాలూకు దయ్యం నీడ కనిపిస్తుంది. నాకు పూరీ రేటు దగ్గర సరిగ్గా ఇదే జరిగింది.

చెక్క గీతలు అడ్డంగా పోతుంటాయి కాబట్టి నమూనా అదే గీత మీద, ఎడమ నుంచో కుడి నుంచో తీసుకోవాలి. పైనుంచో కింది నుంచో తీస్తే గీత తెగి, అతుకు వేసినట్టు తెలిసిపోతుంది. అంకె మీద మాత్రమే కాకుండా చుట్టూ ఓ వేలెడంత ఎక్కువగానే రుద్దండి. ఎక్కువైన చోట మాస్క్ చూసుకుంటుంది.

ఇప్పుడు మాస్క్. లాసో టూల్‌తో పాత 30 చుట్టూ గీసి సెలక్షన్ చేసుకోండి. ఫెదర్ రెండు పిక్సెళ్లు చాలు. అతుకు లేయర్ మీదే ఉండి, ప్యానెల్ కింద దీర్ఘచతురస్రంలో గుండ్రం ఉన్న మాస్క్ బొమ్మ నొక్కండి. లేయర్ పక్కన రెండో చిన్న బొమ్మ వస్తుంది. అందులో సెలక్షన్ ఉన్నచోట తెలుపు, మిగతా అంతా నలుపు. తెలుపు ఉన్నచోట అతుకు కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట అతుకు మాయమై కింది ఒరిజినల్ కనిపిస్తుంది. బూడిద రంగైతే సగం సగం. అతుకు పిక్సెళ్లు ఎక్కడికీ పోలేదు, దాక్కున్నాయంతే.

ఇక్కడ కొత్తవాళ్లందరూ ఒక తప్పు చేస్తారు. మాస్క్ మీద నల్ల బ్రష్ వేస్తున్నా అనుకుని అతుకు బొమ్మ మీదే వేసేస్తారు, చెక్క మీద నల్ల మరక పడుతుంది. ఏ బొమ్మ చుట్టూ చట్రం కనిపిస్తుందో బ్రష్ దాని మీద పని చేస్తుంది. బ్రష్ పట్టుకునే ముందు ఆ చట్రం వైపు ఒక చూపు వేయండి. D నొక్కితే నలుపు తెలుపు రంగులు వస్తాయి, X నొక్కితే అవి తారుమారవుతాయి. మాస్క్ పని మొత్తం ఈ రెండు మీటలతోనే నడుస్తుంది.

తెలుగు వత్తుల దగ్గర జాగ్రత్త

అంకెల వరకూ ఈ పని సులువే. తెలుగు పదం మార్చాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. రెండోసారి బాబాయ్ ‘ఉప్మా పెసరట్టు’ పేరుని ‘ఎమ్మెల్యే పెసరట్టు’ చేయమన్నారు. మన దగ్గర రెండు పేర్లూ ఒకటే అయినా, ఎమ్మెల్యే అని రాస్తే బయటి ఊళ్లవాళ్లు ఏంటా అని ఆగి చూస్తారట. మొత్తం పేరుని కొత్త ఫాంట్‌లో పెడితేనే ఒకేలా ఉంటుందని పాత పేరు పూర్తిగా కప్పాలనుకున్నా.

ఇంగ్లిష్ అక్షరాలైతే చతురస్రపు సెలక్షన్ సరిపోతుందేమో కానీ, మనకి ట్టు కింద వత్తు వేలాడుతుంది. ఆ వత్తు కింది లైన్‌లో ఉన్న ‘పూరీ’ మీది గుడిదీర్ఘం దాకా వస్తుంది. నేను చతురస్రం గీసి మాస్క్ చేస్తే వత్తు పోయింది, దాంతోపాటు రీ మీది కొన కూడా పోయింది. స్క్రీన్ మీద మొత్తం ఫ్లెక్స్ చూస్తున్నప్పుడు అది తెలియలేదు. 100 శాతం జూమ్ చేస్తేనే కనిపించింది.

పాత పద్ధతిలో అయితే ఆ గుడిదీర్ఘాన్ని మళ్లీ చేత్తో గీసుకోవాల్సి వచ్చేది. మాస్క్ ఉంది కాబట్టి చిన్న నల్ల బ్రష్ తీసుకుని ఆ కొన ఉన్నచోట రెండు గీతలు గీశా. ఒరిజినల్ గుడిదీర్ఘం, సుద్ద గరుకుతో సహా తిరిగొచ్చింది. అప్పటి నుంచి తెలుగు పదాలకి చతురస్రం మానేసి లాసోనే వాడుతున్నా.

పని అయ్యాక Alt పట్టుకుని మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేయండి. స్క్రీన్ నిండా మాస్క్ ఒక్కటే నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. అక్కడా ఇక్కడా తెల్ల చుక్కలుంటే ఇట్టే తెలిసిపోతాయి. మళ్లీ Alt క్లిక్ చేస్తే మామూలుగా అవుతుంది. Shift పట్టుకుని క్లిక్ చేస్తే మాస్క్ మీద ఎర్ర ఇంటూ గుర్తు పడి, మాస్క్ తాత్కాలికంగా ఆగుతుంది. అది అలా మర్చిపోయి ప్రింట్‌కి పంపితే అతుకు మొత్తం బయటపడుతుంది. ఎర్ర గుర్తు ఉందేమో చూసుకోండి.

కొత్త అంకె టెక్స్ట్‌గానే ఉండాలి

40ని టెక్స్ట్ టూల్‌తో టైప్ చేస్తాం. అది మరీ నున్నగా, కొత్తగా ఉంటుంది. పక్కనున్న పాత అక్షరాలకి సుద్ద గరుకు ఉంది. ఇక్కడే చేయి ఎరేజర్ వైపు వెళ్తుంది. టెక్స్ట్ లేయర్ మీద ఎరేజర్ పెడితే, దీన్ని రాస్టరైజ్ చేయాలి, ఆ తర్వాత టెక్స్ట్ ఎడిట్ చేయలేరు అని ఫొటోషాప్ అడుగుతుంది. సరే అంటే ఆ క్షణం నుంచి 40 ఒక బొమ్మ. రేపు 45 కావాలంటే మళ్లీ మొదటి నుంచి.

దానికి బదులు టెక్స్ట్ లేయర్‌కే మాస్క్ పెట్టండి. గరుకుగా ఉండే సుద్ద రకం బ్రష్ తీసుకుని, మాస్క్ మీద ముదురు బూడిద రంగుతో అక్కడక్కడా అద్దండి. అంకె పాతబడినట్టు కనిపిస్తుంది. కింద టెక్స్ట్ మాత్రం ఇంకా టెక్స్టే. డబుల్ క్లిక్ చేసి 45 అని కొడితే, అదే గరుకుతో 45 వస్తుంది. రంగు కోసం ఊహించొద్దు, ఐడ్రాపర్‌తో పాత అంకె మధ్యలోంచి తీసుకోండి. అది శుద్ధమైన తెలుపు ఎప్పుడూ కాదు.

దీనికో హద్దు ఉంది. మాస్క్‌కి అక్షరాలతో సంబంధం లేదు, దాని లెక్క చోటుతోనే. 40ని 45 చేస్తే ఇబ్బంది లేదు. 90ని 110 చేస్తే అంకె వెడల్పవుతుంది, గరుకు మొదటి రెండు అంకెల మీదే ఉండి మూడోది నున్నగా మిగులుతుంది. అందుకే నేను గరుకుని అంకె దాకానే కాకుండా పక్కన ఇంకో అంకె పట్టేంత చోటు దాకా ముందే అద్దేస్తా. ఖాళీ చోట అది ఎలాగూ కనిపించదు.

మాస్క్ తీసేయాలని చెత్తబుట్టలోకి లాగితే Apply, Delete అని ఫొటోషాప్ అడగొచ్చు. Delete అంటే మాస్క్ పోయి లేయర్ మొత్తం తిరిగొస్తుంది. Apply అంటే దాచిన పిక్సెళ్లు నిజంగానే పోతాయి. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని చివర్లో అలవాటుగా Apply కొట్టేసినవాళ్లని చూశా.

క్లయింట్ మాస్క్ గీయడు, కన్ను నొక్కుతాడు

మొదట నేను మూడు రేట్లకీ కలిపి ఒకే అతుకు లేయర్, ఒకే మాస్క్ పెట్టా. నాకైతే అది చాలు. ఇడ్లీ పాత రేటు కావాలంటే మాస్క్‌లో ఆ చోట నలుపు అద్ది, 40 లేయర్‌ని దాచేస్తే సరిపోతుంది. కానీ బాబాయ్‌కి ఆ పని రాదు. డిగ్రీ చదువుతున్న వాళ్లబ్బాయికీ రాదు. ప్రతిసారీ నన్నే పిలవాలి. నేను ఊళ్లో లేకపోతే?

అందుకే ఇప్పుడు ఒక్కో మార్పుకి ఒక్కో గ్రూప్. అందులో రెండే లేయర్లు: మాస్క్ ఉన్న అతుకు, దాని పైన కొత్త అంకె. రెండూ ఎంచుకుని Ctrl+G కొడితే గ్రూప్ అవుతుంది. గ్రూప్ పేరు ‘ఇడ్లీ 40, కన్ను మూస్తే 30’. గ్రూప్ పక్కనున్న కన్ను నొక్కగానే అతుకు, అంకె రెండూ మాయమై, కింద పాత 30 తేలుతుంది. మళ్లీ నొక్కితే 40. అతుకులు వేరువేరుగా ఉండటంవల్ల ఇడ్లీ మార్పు పెసరట్టుని కదపదు. మెనూలో ఐటమ్స్ పద్నాలుగు ఉన్నాయి. మారనివాటికి గ్రూపులు చేస్తూ కూర్చోలేదు, అది దండగ పని.

రేట్లు కాంబినేషన్లుగా మారే వాళ్లకి, అంటే పండగ రేట్లు, మామూలు రేట్లు అని రెండు సెట్లు ఉంటే, Window మెనూలో Layer Comps వాడొచ్చు. ఏ గ్రూపులు కనిపించాలో ఒక పేరుతో గుర్తుపెట్టుకుంటుంది, ఒక్క క్లిక్‌తో మొత్తం సెట్ మారుతుంది. అయితే అది లేయర్ కనిపించడం, దాని చోటు, స్టైల్ మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. టెక్స్ట్ లేయర్ లోపల 40ని 45 చేస్తే, పాత కాంప్ నొక్కినా 40 తిరిగి రాదు. రెండు రేట్లూ కావాలంటే రెండు టెక్స్ట్ లేయర్లు ఉండాల్సిందే.

ఫైల్ ఇచ్చే ముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. ‘అసలు - ముట్టుకోవద్దు’ లేయర్ కన్ను మీద Alt పట్టుకుని క్లిక్ చేస్తా. మిగతావన్నీ దాక్కుని ఆ ఒక్కటే మిగులుతుంది. అది క్లయింట్ మొదట ఇచ్చిన జేపీజీలా, అన్ని పాత రేట్లతో, ఒక్క మరక లేకుండా కనిపించాలి. ఎక్కడైనా కొత్త అంకె కనిపిస్తే నేను ఎక్కడో తప్పు లేయర్ మీద పని చేశానన్నమాట. చూశాక వేరే కన్ను ఏదీ ముట్టుకోకుండా మళ్లీ Alt క్లిక్ చేస్తే అన్నీ యథాస్థానానికి వస్తాయి. మధ్యలో ఇంకో లేయర్‌ని దాచడమో తెరవడమో చేస్తే ఆ పాత అమరిక తిరిగి రాదు.

పీఎస్‌డీ ఇస్తే చాలదు, ఫాంట్ కూడా ఇవ్వాలి

ఫాంట్ లేని కంప్యూటర్‌లో పీఎస్‌డీ తెరిస్తే మొదట అంతా బాగానే కనిపిస్తుంది. ఎందుకంటే టెక్స్ట్ చివరిసారి ఎలా కనిపించిందో ఆ బొమ్మ ఫైల్‌లో ఉంటుంది. లేయర్ మీద చిన్న హెచ్చరిక త్రికోణం మాత్రం పడుతుంది. ఎడిట్ చేద్దామని డబుల్ క్లిక్ చేసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది, వేరే ఫాంట్‌లోకి మారిపోతుంది. కాబట్టి ‘చూశా, బాగానే ఓపెన్ అయింది’ అని క్లయింట్ అంటే నమ్మకండి. ఒక అంకె మార్చి చూడమనండి.

తెలుగుకి ఇంకో చిక్కు ఉంది. మన డీటీపీ వాళ్లు చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేనిచోట ‘పెసరట్టు’ కాస్తా ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగూరగంప అవుతుంది. ఏ పదమో కూడా చదవలేం. యూనికోడ్ ఫాంట్ అయితే ఫాంట్ మారినా పదం పదంగానే ఉంటుంది. అందం విషయంలో అను ఫాంట్ల వైవిధ్యాన్ని కొట్టేవి తక్కువే, ఒప్పుకుంటా. కానీ రేపు వేరేవాళ్లు ఎడిట్ చేయాల్సిన ఫైల్‌కి నేను యూనికోడ్ వైపే. రామభద్ర, మండలి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటిని ఫైల్‌తో పాటు క్లయింట్‌కి ఇవ్వడానికి లైసెన్స్ ఒప్పుకుంటుంది. పాత ఫొటోషాప్ వెర్షన్లలో వత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంట్‌ని తిట్టకండి, Preferences లో Type దగ్గర World-Ready Layout ఎంచుకుని కొత్త డాక్యుమెంట్‌లో చూడండి.

ప్రింట్‌కి పంపేటప్పుడు ఫ్లాటెన్ చేయక్కర్లేదు. Save a Copy తో జేపీజీ తీస్తే లేయర్లున్న పీఎస్‌డీ అలాగే ఉంటుంది. బాబాయ్‌కి నేనిచ్చిన ఫోల్డర్‌లో నాలుగు ఉన్నాయి: లేయర్లున్న పీఎస్‌డీ, ప్రింట్ జేపీజీ, ఆయన మొదట ఇచ్చిన జేపీజీ, ఫాంట్ ఫైల్. వాట్సాప్‌లో పంపేటప్పుడు జేపీజీల్ని కూడా ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపా. ఫొటోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది, నేను మొదటిసారి ఇరుక్కుంది అందుకే.

వాళ్ల ఇంట్లో ఫొటోషాప్ లేదు. అక్కర్లేదు కూడా. ఫొటోపియా అనే సైట్ బ్రౌజర్‌లోనే పీఎస్‌డీని లేయర్లు, మాస్కులు, గ్రూపులతో సహా తెరుస్తుంది. ఫైల్ మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. మరీ బరువైన ఫైలైతే ఫోన్‌లో కష్టపడుతుంది, ల్యాప్‌టాప్ బెటర్.

మొన్న సంక్రాంతికి నేను ఊళ్లో లేను. బాబాయ్ ఫోన్ చేసి, "పెసరట్టు మళ్లీ యాభై చేశాం అబ్బాయ్, మావాడే చేశాడు" అన్నారు. ఫొటో పంపమన్నా. జూమ్ చేసి చూశా. పాత 50, పాత సుద్ద గరుకుతో, చెక్క మీద ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఇడ్లీ మాత్రం నలభై అయింది. అదేంటి బాబాయ్ అంటే, "హాస్టల్ పిల్లలు సెలవులకి ఊళ్లకి పోయారుగా, వాళ్లొచ్చాక కన్ను మూసేస్తాం" అన్నారు.